తెలియని మాటలన్నీ సంకేతాలే అనుకున్నాను

ఇరవై ఏళ్ల కిందట ఒక కాలేజీ సాహితీ సమావేశంలో నేను గంటసేపు మాట్లాడాను. బీటిల్స్ బృందం 1967లో పాడిన ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’ పాట గురించి. అప్పుడు చేసిన తప్పు ఇవాళ్టికీ నన్ను వదల్లేదు. ప్రసంగం తప్పయినందుకు కాదు, ఆ రోజు ఒకరి నోరు మూయించినందుకు.

ఆ పాట ఒక కల. వినేవాడినే నాయకుడిగా చేసి నడుస్తుంది. నువ్వు నదిలో పడవ మీద ఉన్నావనుకో అంటుంది. ఒడ్డున కమలాపండ్ల చెట్లు, పైన మార్మలేడ్ ఆకాశం. ఎవరో పిలుస్తారు, నువ్వు నింపాదిగా పలుకుతావు. కెలిడోస్కోప్ కళ్ల అమ్మాయి కనిపిస్తుంది. నీ తల మీదుగా ఎదిగిన సెలొఫేన్ పూలు, ఊగే చెక్కగుర్రాల మనుషులు, న్యూస్‌పేపర్ టాక్సీలు, చివరికి రైల్వే స్టేషన్లో ప్లాస్టిసిన్ పోర్టర్లు. మధ్యమధ్య పల్లవిగా పాట పేరే మళ్లీ మళ్లీ వస్తుంది.

నా వాదన చాలా తేలిక. పాట పేరులోని మూడు ముఖ్యమైన మాటల మొదటి అక్షరాలు కలిపితే ఎల్.ఎస్.డి. అవుతుంది. కాబట్టి పాటంతా ఆ మత్తుమందు అనుభవమే. పడవ అంటే మత్తులోకి ప్రయాణం, పువ్వులు పెద్దవి కావడం చూపు చెదరడం, టాక్సీ అంటే మందు మనిషిని ఎత్తుకుపోవడం. అంతకు కొద్దికాలం ముందే, 2004లో, ఈ పాటలో ఎల్.ఎస్.డి. ప్రభావం స్పష్టమేనని పాల్ మెకార్ట్‌నీ అన్న వార్త చదివి ఉన్నాను. ఇక నాకు ఎదురేముంది అనుకున్నాను.

ప్రసంగం అయ్యాక వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. “సార్, అదే నిజమైతే ఇందులో ఉన్నవన్నీ చిన్నపిల్లల వస్తువులే ఎందుకయ్యాయి సార్?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. “నీకింకా వయసు చాలదమ్మా, అర్థం కాదులే” అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

నేనెందుకు జవాబు చెప్పలేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ వస్తువులేమిటో నాకు తెలియదు. మార్మలేడ్ అంటే నారింజ తొక్కలు వేసి కాచిన జామ్ అని తెలియదు. ప్లాస్టిసిన్ అంటే ఏదో రసాయనం అనుకున్నాను. స్టేషన్లో పాటలోని అమ్మాయి మళ్లీ కనిపించే చోటైన టర్న్‌స్టైల్, మనుషుల్ని ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటని డిక్షనరీ తీసి చూసుకోలేదు. తెలియని ప్రతి మాటనూ సంకేతం అనేశాను. నా అజ్ఞానానికి రహస్యం అని పేరు పెట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు రెండో తప్పు చేశాను. ఈ పాట పుట్టుక గురించి జాన్ లెనన్ జీవితాంతం ఒకే మాట చెప్పాడని చదివాను. తన కొడుకు జూలియన్ నర్సరీ బడి నుంచి ఒక బొమ్మ గీసి తెచ్చాడు. ఇదేమిట్రా అని అడిగితే, వజ్రాలతో ఆకాశంలో ఉన్న తన స్నేహితురాలు లూసీ అన్నాడు. పాట పేరు అలా వచ్చింది. ఇది చదవగానే అటునుంచి ఇటు దూకాను. పాటలో ఏ లోతూ లేదు, పిల్లవాడి బొమ్మకు రాసిన పాట, అంతే అని ఒక చిన్న పత్రికలో వ్యాసం రాశాను. తప్పు దిద్దుకున్నానని సంతోషించాను. నిజానికి అదే తప్పు ఇంకోసారి చేశాను. మొదటిసారి మూడు అక్షరాల మాట విన్నాను, రెండోసారి కవి మాట విన్నాను. రెండుసార్లూ పాట ఏమంటోందో వినలేదు.

కవి మాట మీద అంత భారం వేయకూడదని కూడా లెనన్ మాటల్లోనే తెలిసింది. చనిపోయిన ఏడాది, 1980లో, ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆ కెలిడోస్కోప్ కళ్ల అమ్మాయి తనను ఆదుకోవడానికి ఎప్పటికైనా వచ్చే స్త్రీ అని, ఆమె యోకో ఓనో అని తర్వాత తేలిందని, పాట రాసేనాటికి ఇంకా ఆమెను కలవలేదని అన్నాడు. కానీ వాళ్లిద్దరూ లండన్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీలో కలిసింది 1966 నవంబర్లో. పాట రికార్డయింది 1967 మార్చిలో. ఆయన అబద్ధమాడాడని కాదు. పదమూడేళ్ల తర్వాత జ్ఞాపకం కథను తనకు నచ్చినట్టు సర్దుకుంది. పైగా పాటలోని మాటలన్నీ ఆయనవే కావు. సెలొఫేన్ పూలు, న్యూస్‌పేపర్ టాక్సీలు తను అందించినవేనని మెకార్ట్‌నీ చెప్పాడు. ఇద్దరు కూర్చుని మాటకు మాట అందించుకుంటూ అల్లిన పాటకు ఒకరి మనసులోని ఉద్దేశమే అర్థం ఎలా అవుతుంది?

నా కళ్లు తెరిపించింది మా ఇంట్లోని ఒక డబ్బా. మా చిన్నమ్మాయి పుట్టినరోజుకు ఎవరో తెచ్చారు. మూత మీద ప్లాస్టిసిన్ అని ఉంది. లోపల పిల్లలు బొమ్మలు చేసుకునే రంగురంగుల క్లే. దాన్ని చేత్తో నలుపుతుంటే వెనక వరసలోని ఆ అమ్మాయి గొంతు వినిపించింది. ఆ రాత్రి పాటను మొదటిసారి ఒక్కో మాటా పట్టుకుని చదివాను.

ముందు వస్తువులు రాసుకున్నాను. కమలాపండు, జామ్, మెత్తటి మార్ష్‌మాలో మిఠాయి, సెలొఫేన్ కాగితం, పాత న్యూస్‌పేపర్, క్లే, ఊగే చెక్కగుర్రం, కెలిడోస్కోప్. ఒక్కటి కూడా భయపెట్టేది కాదు. దాదాపు అన్నీ ఒక ఇంగ్లిష్ ఇంట్లో చిన్నపిల్లల చేతికందే తిండి, కాగితం, ఆటవస్తువు. పైగా పూలు వినేవాడి తలకంటే ఎత్తు. అంటే చూస్తున్నవాడు చిన్నవాడు, లేదా చిన్నవాడైపోయాడు. ఇది జూలియన్ బొమ్మ కథ తెలియకపోయినా పాటలోనే కనబడుతుంది. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి కనబడింది.

తర్వాత లూయిస్ కెరోల్ 1871లో తెచ్చిన ఆలిస్ రెండో పుస్తకం, ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ తీశాను. తన పాటకు ఆలిస్ పడవ మూలమని లెనన్ చెప్పాడు గాని, ఈసారి ఆయన మాట నమ్మి ఊరుకోలేదు, పుస్తకంలో వెతికాను. దుకాణం ఉన్నపళంగా నదిలో పడవైపోయే అధ్యాయం ఉంది. ఇంకో అధ్యాయంలో ఆలిస్ రైలెక్కితే, పెట్టెలో తెల్లకాగితం బట్టలు తొడుక్కున్న పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. అదే అధ్యాయంలో చెక్కతో చేసిన ఊగే గుర్రపు ఈగ ఉంది. పాటలోని పోర్టర్లు కట్టుకున్న టైలు అద్దపు టైలు. వాటికి వాడిన మాట ఆ పుస్తకం పేరులోని మాటే. ఒకటి కలిస్తే యాదృచ్ఛికం అనొచ్చు. పడవ, రైలు, కాగితం, చెక్కగుర్రం, అద్దం ఇన్ని కలిస్తే ఆ అన్వయానికి పాటే సాక్ష్యం.

ఇక నేను ఎల్.ఎస్.డి.కి రుజువులన్నవేమిటి? వస్తువులు రూపం మారడం, కొలతలు చెదరడం. ఇవన్నీ కెరోల్ పుస్తకంలోనే ఉన్నాయి. ఎల్.ఎస్.డి.ని మొదటిసారి తయారుచేసింది 1938లో. అది పుట్టకముందే పిల్లల పుస్తకంలో ఉన్న లక్షణాలు దానికి రుజువు కాలేవు. అయితే పాట ఆ అన్వయాన్ని కాదనడం కూడా లేదు. లెనన్ ఆ రోజుల్లో ఆ మందు వాడాడు, ఆ గాలి పాటకు సోకి ఉండొచ్చు. అది ఆయన జీవితం నుంచి, ఆ కాలం నుంచి మనం తెచ్చుకునే సమాచారం. ప్రతి బొమ్మా దానికి మారుపేరు అనడానికి మాత్రం ఆధారం లేదు. ఆ మూడు అక్షరాల పొందిక పేరులో తప్ప మరెక్కడా లేదు.

అప్పటినుంచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. పాటలో ఒక మాట తీసేసి ఇంకొకటి పెడితే నా అన్వయం చెడాలి. న్యూస్‌పేపర్ టాక్సీ బదులు వెండి టాక్సీ, ప్లాస్టిసిన్ పోర్టర్ల బదులు పాలరాతి పోర్టర్లు అని పెట్టి చూశాను. నా మత్తు వాదనకు ఏమీ కాలేదు. పిల్లల ప్రపంచమన్న వాదన వెంటనే కూలిపోయింది. మాట మారినా చెక్కుచెదరని అన్వయం ఆ మాటను చదివింది కాదు.

ఇదే పరీక్ష నాకు నచ్చిన అన్వయాన్నీ తగ్గించింది. ఇది పిల్లల పాట మాత్రమే అనుకుంటే, కథ ఎలా నడుస్తుందో దానికి చిక్కదు. మొదటి చరణం చివర కెలిడోస్కోప్ కళ్ల అమ్మాయి మాయమవుతుంది. రెండో చరణం చివర వెతుకుతున్న నువ్వే మాయమవుతావు. మూడో చరణం చివర గేటు దగ్గర ఆమె ఉంటుంది. వరస మారిస్తే పాట పోతుంది. ఆలిస్ పడవలోంచి రెల్లుపూలు కోస్తుంటే బాగున్నవన్నీ చేతికందని చోటే ఉంటాయి, కోసినవి మంచులా కరిగిపోతాయి. పాటలోని వెతుకులాట ఆ జాతిది. కానీ పాటలోని అమ్మాయి ఎవరినీ ఆదుకోదు, ఏమీ ఇవ్వదు. లెనన్ చెప్పిన రక్షకురాలు ఆయన మనసులో ఉండొచ్చు, పాటలో లేదు. ఇంకా వింత, చరణాల్లో ఆ అమ్మాయికి పేరే లేదు. లూసీ అన్న పేరు పల్లవిలోనే వస్తుంది. ఇద్దరూ ఒకరే అనుకుంటున్నది మనం. పక్కపక్కన ఉన్నాయి కాబట్టి అనుకోవడం సబబే, కానీ అది మనం కలుపుకున్నదని గుర్తుండాలి.

చిన్నప్పుడు మేం మూడు అద్దపు పట్టీలు త్రికోణంగా కట్టి, విరిగిన గాజుముక్కలు వేసి కెలిడోస్కోప్ చేసుకునేవాళ్లం. ఆ ముక్కలు అమ్మ గాజులవని మాకు తెలుసు. కంటికి ఆనించి తిప్పితే మాత్రం పువ్వు కనబడేది. ముక్కలు ఎవరి గాజులవో చెప్పినంత మాత్రాన పువ్వును వివరించినట్టు కాదు. పువ్వును చూడాలంటే లోపల ఉన్న ముక్కల్నే చూడాలి, బయటినుంచి ఇంకో ముక్క తెచ్చి వేయకూడదు.

వెనక వరసలోని ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. ఎక్కడుందో తెలియదు. ఆ రోజు ఆమె వస్తువుల్ని చూసింది, నేను అక్షరాల్ని చూశాను. ఆమె ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఉంది. అవన్నీ పిల్లల వస్తువులు ఎందుకయ్యాయంటే, ఆ పాట చూస్తున్నది ఒక పిల్ల ఎత్తు నుంచి తల్లీ. అది నువ్వు చదివావు, నేను చదవలేదు.