అడగని పుణ్యాత్ముడు

మా బ్రాంచిలో చెక్కులు వేసే పెట్టెకు పైన కొత్త నోటీసు వెలిసింది. ‘మా కొత్త చాట్‌బాట్ మీ పాస్‌వర్డు, పిన్, ఓటీపీ ఎన్నటికీ అడగదు. ఎవరు అడిగినా చెప్పకండి. చెబితే కలిగే నష్టానికి బ్యాంకు బాధ్యత వహించదు.’ మొదటి వాక్యం అభయహస్తం, రెండోది హితబోధ. నోటీసు పుట్టింది మాత్రం మూడో వాక్యం కోసం. ముందు రెండూ దాని పల్లకీ మోస్తున్న బోయీలు.

బాటు అబద్ధమాడుతోందని నేననను. అది నిజంగానే అడగదు. దానికి అడిగే పనేముంది? ఓటీపీని పుట్టించేదే బ్యాంకు సర్వరు, మనం కొట్టిన అంకెలు సరిపోయాయో లేదో చూసేదీ అదే. తన దగ్గరున్న లెక్కను మనల్ని అడగనని ఒట్టు వేయడం పెద్ద త్యాగమేమీ కాదు. అడిగేది దాని వేషం కట్టినవాడు. వాట్సాప్‌లో అదే లోగో, అదే నవ్వు మొహం, అదే ‘నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?’. ఆ మాయబాటు కూడా మొదటి మెసేజీలో ‘మేము ఓటీపీ ఎన్నటికీ అడగము’ అనే రాసుకోవచ్చు. ఆ వాక్యం మీద బ్యాంకుకు పేటెంటేమీ లేదు.

కాబట్టి ఖాతాదారుకు తెలియాల్సింది అసలు బాటు గుణగణాలు కాదు, అసలుదేదో గుర్తుపట్టే దారి. అలాంటి దారి ఒకటి ఉంది కూడా. నకిలీ సైట్లను పట్టుకోవడం తేలిక కావాలని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నింటినీ `.bank.in` అనే చిరునామాలోకి మారమంది. అది బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఆ ఆరక్షరాలు నోటీసులో ఉన్నాయేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. లేవు. వాటి బదులు నల్లగళ్ల క్యూఆర్ కోడ్ అచ్చేశారు. దాని మీద ఇంకెవరైనా తమ గళ్లు అతికించి పోతే, ఆ తేడా మేనేజరుగారు కూడా కనిపెట్టలేరు.

సరే, బాటు అడగదు. మరి కౌంటరు? నోటీసుకు జానెడు దూరంలోనే కొత్త ఖాతా తెరిచే టేబులుంది. పొదుపు సంఘం నుంచి వచ్చిన ఓ పెద్దావిడ ఆధార్ కార్డు ఇచ్చి కూర్చుంటుంది. ‘మెసేజొచ్చిందామ్మా? నంబరు చెప్పు’ అంటాడు అబ్బాయి. ఆవిడకు చదవడం రాకపోతే ఫోను తీసుకుని తానే చూసుకుంటాడు. అది ఆధార్ ఓటీపీ, డబ్బు తీసే ఓటీపీ కాదు అని బ్యాంకువారు తేడా వివరించవచ్చు. ఆవిడకు రెండూ ఆరంకెలే. ‘బ్యాంకాయన అడిగితే చెప్పాలి’ అనే పాఠం ఆవిడ నేర్చుకున్నది ఈ బ్రాంచిలోనే, ఈ నోటీసు కిందనే. రేపు ఫోన్లో ఎవడో ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానమ్మా’ అంటే అప్పజెప్పేది ఆ పాఠమే.

ఇంతకన్నా చోద్యం ఇంకోటుంది. అడగబోమని బ్యాంకు గోడల నిండా రాస్తున్న ఈ కాలానికి, దొంగలే అడగడం మానేశారు. ‘మీ కేవైసీ గడువు ముగిసింది’ అనో, ‘మీ బండికి చలానా పడింది’ అనో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే యాప్ దిగుతుంది, ‘మెసేజీలు చదవనివ్వండి’ అని అనుమతి కోరుతుంది. ఇచ్చామా, ఆ తర్వాత మన ఫోనుకొచ్చే ప్రతి ఓటీపీ మనకన్నా ముందు వాడి దగ్గరికి చేరుతుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నోటీసు అక్షరాలా పాటించినవాడి ఖాతా కూడా ఊడ్చుకుపోతుంది.

ఒక లెక్క వేసుకుందాం. రిటైరైన మాస్టారొకరు పదింటికి అలాంటి ఫైలు నొక్కారు. పది ఇరవైకి ఖాతాలోంచి నలభై వేలు పోయినట్టు మెసేజు వచ్చింది. ఆయన కంగారుపడి, నోటీసులో కనిపించిన బాటునే ఆశ్రయించారు. ‘నా డబ్బు పోయింది’ అని రాస్తే ‘బ్యాలెన్సు కోసం ఒకటి నొక్కండి, చెక్కుబుక్కు కోసం రెండు, మీకు ముందే మంజూరైన పర్సనల్ లోను కోసం మూడు’ అంది. మళ్లీ రాశారు. ‘క్షమించండి, అర్థం కాలేదు’ అంది. పది యాభైకి మరో అరవై వేలు పోయాయి. చివరికి మనిషి గొంతు దొరికి ఫిర్యాదు నమోదయ్యేసరికి పదకొండూ అయిదు.

ఇప్పుడు రూలు చూడండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టమంతా ఆయనది. తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అంటే ఆ అరవై వేలు ఎవరి నెత్తిన పడతాయన్నది ‘తెలియజేయడం’ ఏ నిమిషాన జరిగిందన్న దాని మీద ఉంది. మాస్టారి లెక్కలో బాటుకు ‘నా డబ్బు పోయింది’ అని రాసిన క్షణాన, అంటే పది ఇరవై దాటిన కాసేపటికి. బ్యాంకు పుస్తకంలో పదకొండూ అయిదుకు. బాటు అర్థం కాలేదన్న ప్రతి నిమిషం బ్యాంకుకు కలిసొచ్చిన నిమిషమే. తెలివితక్కువతనం ఇంత లాభసాటిగా ఉన్న ఉద్యోగిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ సర్క్యులర్‌లోనే ఇంకో మాట ఉంది. డబ్బు పోయినట్టు వచ్చే మెసేజీకి ఖాతాదారు అక్కడికక్కడే జవాబిచ్చి అభ్యంతరం చెప్పే వీలుండాలి, ఫిర్యాదు కోసం సైట్లూ ఈమెయిళ్లూ వెతుక్కునే పని పెట్టకూడదు, మెసేజు చేరిన సమయం, జవాబు అందిన సమయం రెండూ నమోదు కావాలి అని. మాకొచ్చే మెసేజీకి జవాబు కొడితే పోదు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే అని కూడా అందులోనే ఉంది. ఆ రుజువు కోసమే కాబోలు, ‘మేం ముందే చెప్పాంగా’ అనడానికి గోడ మీద నోటీసు సిద్ధం చేసుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పాత పద్ధతి. ఎవరూ అనకముందే భుజాలు తుడిచి, ఫొటో తీయించి, ఫ్రేము కట్టించడం కొత్త పద్ధతి.

మాస్టారు పది ఇరవైకే 1930కి ఫోన్ చేసి ఉంటే సంగతి వేరుగా ఉండేది. సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరది. అక్కడ ఫిర్యాదు చెబితే డబ్బు చేరిన ఖాతా బ్యాంకుకు కబురు వెళుతుంది, అక్కడ ఇంకా మిగిలి ఉన్నదాన్ని ఆపుతారు. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడి నుంచి ఏటీఎంకీ తరలించేలోపు కబురు చేరాలి. ఆలస్యమైన కొద్దీ మిగిలేది తగ్గుతుంది. చెప్పాక బ్యాంకుకూ విడిగా ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు, టైము రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే రేపు తగువంతా ఆ టైము మీదే.

ఈ నాలుగంకెలు నోటీసులో లేవేమని మేనేజరుగారిని అడిగాను. మంచి మనిషి, కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

‘స్థలం లేదు సార్’ అన్నారు.

నోటీసు పక్కన నాలుగడుగుల ఇన్సూరెన్సు పోస్టరుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న జంట నవ్వుతోంది. ‘దాన్ని కాస్త పక్కకు జరిపితే?’ అన్నాను.

‘అది టార్గెట్ సార్. కదపకూడదు.’

‘పోనీ, ఒక తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో 1930 అని నేనే రాసి అతికిస్తాను.’

ఆయన టీ కప్పు కింద పెట్టి, ‘అలా కుదరదు సార్, హెడ్డాఫీసు నుంచి ఫార్మాట్ రావాలి. మీరు కావాలంటే ఒక సజెషన్ పెట్టండి’ అంటూ గోడ మీది క్యూఆర్ కోడ్ చూపించారు.