అరకిలో మదామ్

పారిస్‌లో బాస్టిల్ కూడలి నుంచి రిషార్ లెనువార్ బులెవార్డు పొడుగునా గురువారం, ఆదివారం పొద్దుటిపూట సంత కూడుతుంది. ఏ కూరగాయల కొట్టు ముందు నిలబడినా సరే, మీకంటే ముందు ఒక మదామ్ ఉంటుంది. డెబ్బై దాటిన వయసు, ఎండాకాలంలో కూడా మెడకో పల్చని స్కార్ఫు, వెనకాల గిలకల చప్పుడుతో ఈడ్చుకొచ్చే చక్రాల సంచీ. ఆవిడ పేరు మనకి అక్కర్లేదు. లియోన్‌కి వెళ్లినా తులూజ్‌కి వెళ్లినా ఆవిడే ఉంటుంది, స్కార్ఫు రంగు మారుతుందంతే.

మదామ్ వచ్చీ రాగానే కొనదు. ముందు సంత ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక చుట్టు చుడుతుంది. పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తలా ప్రతి కొట్టు ముందూ ఆగి, ఏమీ అనకుండా, అన్నీ చూసి ముందుకు కదులుతుంది. ఆవిడ చూసేది కూరల్ని కాదు, వాటి మీద గుచ్చిన పలకల్ని. ధర ఎంతో చూసేముందు ఆ ధర దేనికో చూస్తుంది. టమాటా కిలోకి, ముల్లంగి కట్టకి, ఖర్బూజా కాయకి, స్ట్రాబెర్రీ చిన్న బుట్టకి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. రెండున్నర యూరోలని చూసి, కిలో కాబోలు అనుకుని రెండు కాయలు పట్టుకుంటారు. తీరా అయిదు యూరోలు కట్టమంటే మోసమనుకుంటారు. పలక మీద 'పియెస్' అని రాసుంటే తూకం ఊసే లేదని అర్థం, కాయకింతని లెక్క.

ఆ పలక మీదే ఏ దేశపు పంటో కూడా రాసి ఉండాలి, అది చట్టం. జులై నెలలో స్పెయిన్ టమాటా కనబడిందంటే మదామ్ మొహం చూడాలి. స్పెయిన్ మీద ఆవిడకి కోపమేమీ లేదు. మన పొలాల్లో కాస్తున్న రోజుల్లో అంత దూరం నుంచి తెప్పించాల్సిన ఖర్మ ఏమొచ్చిందని ఆవిడ బాధ. ఆ బాధ పైకి అనదు. చక్రాల సంచీ తిప్పుకుని పక్క కొట్టుకి పోతుంది.

చివరికి ఒక కొట్టు ముందు ఆగుతుంది. అక్కడ వరసేమీ ఉండదు, ఓ గుంపు ఉంటుంది. కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో గుంపులో అందరికీ తెలుసు, మదామ్‌కి ఇంకా బాగా తెలుసు. కొట్టాయన "ఎవరి వంతు?" అనగానే తోసుకుంటూ ముందుకొచ్చే వాళ్లు ఎవరైనా ఉంటే, ఆవిడ వాళ్లని ఏమీ అనదు. అసలు వంతున్న మనిషిని చూపించి "ఈ పెద్దమనిషిది అనుకుంటానండీ" అంటుంది. అంతటి మర్యాద విన్నాక తోసుకొచ్చిన వాడు తనంతట తనే రెండడుగులు వెనక్కి వేస్తాడు.

ఆవిడ వంతు వచ్చింది. మొదటి మాట బోంజూర్. ఇది లేకుండా ఫ్రెంచి సంతలో ఏ కాయా కదలదు. మన రైతుబజారులో "టమాటా ఎంతమ్మా" అంటే అందులోనే పలకరింపూ బేరమూ కలిసిపోతాయి. అక్కడ అలా నేరుగా ధర అడిగితే కొట్టాయన జవాబు చెప్పడు. మీ మొహంలోకి చూసి, చుట్టూ నలుగురికీ వినబడేలా "బోంజూర్!" అంటాడు. అది పలకరింపు కాదు, చీవాట్లు. మీరూ బోంజూర్ అని బాకీ తీర్చాకే టమాటా సంగతి.

మదామ్‌కి ఆ అవసరం రాదు. "బోంజూర్ మొస్యూ, ఒక లివ్రు టమాటాలు ఇప్పించగలరా, దయచేసి" అంటుంది. కావాలి, ఇవ్వు అన్న మాటలు ఆవిడ నోట రావు. అన్నీ 'తీసుకుందామనుకుంటున్నాను', 'వీలైతే' అన్న ధోరణిలోనే నడుస్తాయి. ఇక లివ్రు అంటే అరకిలో. ఫ్రాన్సులో 1840 జనవరి 1 నుంచి మెట్రిక్ కొలతలే తప్పనిసరి. పలక మీద కిలో, కాటా మీద కిలో, బిల్లు మీద కిలో. మదామ్ నోట్లో మాత్రం లివ్రే. రాజు తల తీసినంత సులువుగా లివ్రుని తీసెయ్యడం వాళ్లవల్ల కాలేదు. కాకపోతే పాత పారిస్ లివ్రు 489 గ్రాములు ఉండేది, దాన్ని చక్కగా 500 చేసి ఊరుకున్నారు. కాబట్టి రెండు వందలో మూడు వందలో కావాలంటే గ్రాముల్లో చెప్పాలి, అరకిలో అయితే లివ్రు అంటే చాలు.

కాయల మీద మదామ్ చెయ్యి వెయ్యదు. అది కొట్టాయన పని. ముందువైపు కాగితం సంచులో చిన్న బేసిన్లో వేలాడదీసి ఉంటే ఏరుకోమని అర్థం. లేకపోతే వేలితో చూపించడమే. మదామ్ చూపుడువేలు చాలా చురుకైనది. "అది కాదండీ, దాని వెనకాలది... ఆ, కొంచెం ఎర్రగా ఉన్నది... మీ చేతి పక్కనే" అంటూ, ముట్టుకోకుండానే బుట్టంతా ఏరించేస్తుంది.

కొట్టాయన కాగితం సంచిలో వేసి కాటా మీద పెట్టాడు. 560 గ్రాములు. కిలో 3.80 చొప్పున 2.13 యూరోలు. ఇప్పుడు ఆయన తన జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న వాక్యం అంటాడు: "కాస్త ఎక్కువైందండీ, ఉంచేయమంటారా?"

మన దగ్గర కాస్త ఎక్కువైతే కొసరు. దానికి డబ్బు ఉండదు, అది మన హక్కు. అక్కడ ఆ కాస్తకీ లెక్క కడతారు. అందులో దగా ఏమీ లేదు. కాటా తెర కొనేవాళ్ల వైపు కూడా తిరిగి ఉంటుంది, తూకమూ కిలో ధరా మొత్తమూ మూడూ కనిపిస్తూనే ఉంటాయి. కాకపోతే నూటికి తొంభైమంది మొహమాటపడి "ఉంచండి" అంటారు. ఆ మొహమాటం మీద వందల కొట్లకి ప్రతి ఆదివారం ఒక బుట్ట టమాటా అదనంగా చెల్లుతుందని నా అనుమానం.

మదామ్ మొహమాటపడదు, కసరదు. బాగా బాధగా నవ్వి, "నేనొక్కదాన్నే కదండీ ఇంట్లో. ఆ చిన్నది తీసెయ్యడానికి మీకు ఇబ్బంది లేకపోతే..." అంటుంది. ఇబ్బంది ఉందని ఏ కొట్టాయనా అనలేడు. చిన్నది తీస్తే 490 గ్రాములు, 1.86 యూరోలు. ఒంటరి ముసలావిడ అని కొట్టాయన మనసు కరిగి, 27 సెంట్లు ఆవిడకి మిగిలాయి. నిజానికి ఆ మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో నలుగురు భోజనానికి వస్తున్నారు. ఆ రహస్యం రెండు నిమిషాల్లో ఖర్బూజా బయటపెట్టేస్తుంది.

ఖర్బూజా దగ్గర ప్రశ్న కొట్టాయనే వేస్తాడు: "ఎప్పటికండీ, ఇవాళకా రేపటికా?" తొందరపడి ఇవాళకని చెప్పి, బుధవారం కోసుకుంటే తప్పు మీదే. పరిచయం లేని వాళ్లు ఇదేదో ఆరా అనుకుంటారు గానీ, ఆయన కాయ ఏరేదే ఆ జవాబుని బట్టి. మదామ్ "ఇవాళ ఒంటిగంటకి, నలుగురికి" అంటుంది. ఆయన ఒక కాయని అరచేతిలో ఎత్తి బరువు చూస్తాడు. పరిమాణానికి మించిన బరువుండాలి. తొడిమ చుట్టూ సన్నగా బీట విచ్చి, కాయ నుంచి విడిపోతున్నట్టుండాలి. తర్వాత రెండో కొసన ముక్కు పెట్టి వాసన చూస్తాడు. వాసన లేకపోతే ఇంకా రెండు రోజులు కావాలి, మరీ ఘాటుగా ఉంటే నిన్ననే తినాల్సింది. నాలుగోసారి ఎత్తిన కాయని మదామ్ ముక్కు దగ్గరికి చాపాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. వెనకాల గుంపంతా ఊపిరి బిగబట్టింది, సగంమంది ఖర్బూజా కోసం, సగంమంది విసుగుతో.

బీన్స్ దగ్గర మదామ్‌కి గ్రాములు గుర్తుకు రావు. "ఒక రెండు గుప్పిళ్లు" అంటుంది. ఎవరి గుప్పిడి? కొట్టాయనది, ఆయనది పార లాంటి చెయ్యి. వేస్తే 310 గ్రాములు, కిలో 7 యూరోలు గనక 2.17. ఈసారి తీసెయ్యమనలేదు. గుప్పిడని తనే అంది కదా, మాటంటే మాటే.

"ఇంకేమైనా?" ముల్లంగి ఒక కట్ట, 1.60. "ఇంకేమైనా?" అంతేనండీ. మొత్తం 8.13. కొట్టాయన "ఎనిమిది ఇవ్వండి మదామ్" అని, అడక్కుండానే నాలుగు రెమ్మల పార్స్‌లీ సంచి మీద పెట్టాడు. సంత ముగిసేవేళకి పిలిచి పిలిచి తెగనమ్మడం తప్ప, అక్కడ ధర తగ్గించమని ఎవరూ అడగరు. ఇరవై నిమిషాలు దయచేసి అన్నందుకు 13 సెంట్లూ, పార్స్‌లీ రెమ్మలూ. మన కొసరే అది, కాకపోతే అడిగితే రాదు.

డబ్బులు ఇవ్వడం ఇంకో పది నిమిషాల కార్యక్రమం. చిన్న పర్సులోంచి చిన్న నాణేలు. ఏడు యూరోల యాభై సెంట్లు లెక్కయ్యాక "అయ్యో, వెల్లుల్లి!" అని గుర్తొచ్చింది. ఒక్క గడ్డ. గుంపులోంచి వచ్చిన నిట్టూర్పు మదామ్‌కి వినిపించింది. వెనక్కి తిరిగి "క్షమించాలి, నా వల్ల మీకందరికీ ఆలస్యం" అని ఎంత తియ్యగా అందంటే, నిట్టూర్చిన వాడే "పర్లేదండీ, నిదానంగా కానివ్వండి" అనాల్సి వచ్చింది.

తర్వాతి వంతు తెనాలి కుర్రాడిది. మాస్టర్స్ చదవడానికి వచ్చి ఏడాది కాలేదు. ముందువారం టమాటాని బొటనవేలితో నొక్కి చూసి కొట్టాయన చేత "అవి పియానో మీటలు కావు బాబూ" అనిపించుకున్నవాడు. ఈసారి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. మదామ్ అన్న వాక్యాన్ని మనసులో అప్పజెప్పుకుని, ఒక్క తప్పూ లేకుండా పలికాడు: బోంజూర్, ఒక లివ్రు, దయచేసి. కొట్టాయన సంతోషించి, సంచి నింపి కాటా మీద పెట్టాడు. 610 గ్రాములు.

"కాస్త ఎక్కువైందండీ, ఉంచేయమంటారా?"

పక్కన చక్రాల సంచిలో ఖర్బూజాని అడుగునా, టమాటాలని పైనా సర్దుకుంటున్న మదామ్ చెయ్యి ఆగిపోయింది. కుర్రాడు ఆవిడ వంక చూశాడు, కాటా వంక చూశాడు, వెనకాల గుంపు వంక చూశాడు.

"ఉంచండి" అన్నాడు.

మదామ్ తల అడ్డంగా ఊపి, ముల్లంగి కట్ట ఆకులు నలగకుండా బయటికి తీసి, సంచి మూత వేసుకుంది.