కాకిదే తప్పు

కాకి వాలింది, తాటిపండు రాలింది. రెండూ ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన పండును కాకే రాల్చిందని అనుకోకూడదని పెద్దలు దీనికి కాకతాళీయం అని పేరు పెట్టారు. నెల్లూరు తీరంలో తాటిచెట్లకు కొదవ లేదు, కాకులకు అంతకన్నా లేదు, కానీ ఆ మాట అర్థానికి మాత్రం కరువొచ్చింది. 2021 మే నెలలో కరోనా మందు కోసం కృష్ణపట్నానికి జనం వెల్లువెత్తారు. కంట్లో చుక్క పడింది, మనిషి కోలుకున్నాడు, కాబట్టి చుక్కే కోలుకునేలా చేసిందన్నారు. కరోనా సోకినవాళ్లలో ఎక్కువమంది ఏ చుక్కా లేకుండానే కోలుకున్నారన్న లెక్క ఎవరికీ పట్టలేదు. అక్కడ కాకికి శాలువా కప్పారు. పసిబిడ్డ టీకా దగ్గరికొచ్చేసరికి అదే కాకికి శిక్ష: ‘సూది వేయించాం, బిడ్డకు ఏదో అయింది, సూదిదే పాపం.’ చుక్కల మందుకు ఎవరూ అడగని సైడ్ ఎఫెక్టుల పట్టీ టీకాకు మాత్రం మూరెడు పొడవు కావాలి!

కొన్నిసార్లు పండును రాల్చేది నిజంగా కాకే, అది ఒప్పుకోవాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావలెంట్ సూదిలో చంపిన కోరింత దగ్గు క్రిములు ఉంటాయి. ఒంట్లోని కాపలా కణాలు వాటిని చూసి శత్రువు వచ్చాడని కేక వేస్తాయి. ఆ కేకే జ్వరం. తొడ వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈలోపు ఆ క్రిమి ఆకారాన్ని గుర్తుపట్టే కణాలు పెరిగి, కొన్ని జ్ఞాపకానికి మిగులుతాయి. మొదటి డోసుకు పుట్టే రక్షణ కొంచెమే, అందుకే నాలుగేసి వారాల ఎడంతో మరో రెండు సార్లు పాఠం చెప్పాలి. తట్టు టీకా తీరు వేరు. అందులో బలహీనపరిచిన వైరస్ బతికే ఉంటుంది, ఒంట్లో పెరగడానికి దానికి వ్యవధి కావాలి. కాబట్టి దాని జ్వరం దాదాపు వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది. పదహారో నెల దాటాక కోరింత దగ్గు బూస్టరూ, తట్టు సూదీ ఒకే రోజు పడితే, మర్నాటి జ్వరం సాధారణంగా కోరింత దగ్గు సూదిది, వారం తర్వాతి సన్నటి దద్దుర్లు తట్టు సూదివి. లక్షల్లో ఒకరికి తీవ్రమైన అలర్జీ రావచ్చు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోబెట్టేది అందుకే, నర్సమ్మ కబుర్ల కోసం కాదు.

ఇక ఆటిజం. 1998లో లండన్‌లో పన్నెండు మంది పిల్లలను చూసి రాసిన వ్యాసం తట్టు, గవదలు, రుబెల్లా కలిపిన టీకా మీద అనుమానం రేపింది. దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. పుకారును మాత్రం వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడేది ఎక్కువగా రెండో ఏడాదిలో. మన దగ్గర తట్టు రెండో డోసు వేసేదీ పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్యే. కాకీ, పండూ ఒకే కొమ్మ మీద! తప్పు కాకిదో కాదో తేల్చే దారి ఒక్కటే, కాకిని తోలేసి చూడటం. జపాన్ వేరే కారణంతో 1993లో ఆ మూడింటి కలగలుపు టీకాను ఆపేసింది. యొకొహామా పిల్లలను లెక్కపెడితే, టీకా ఆగాక కూడా ఆటిజం కేసులు పెరుగుతూనే ఉన్నాయి. కాకి లేదు, పండ్లు రాలుతూనే ఉన్నాయి. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను గమనించిన 2019 నాటి అధ్యయనంలో టీకా పడినవాళ్లకూ పడనివాళ్లకూ తేడా కనిపించలేదు.

‘సరే, బిడ్డ కాస్త గట్టిపడ్డాక వేయిద్దాం’ అనేది మర్యాదస్తుల వాదన. క్రిములు కూడా అంత మర్యాదగా ఆగుతాయనుకుంటారు కాబోలు. వయసులు పంచాంగం చూసి పెట్టినవి కావు. తట్టుకు తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని నెలలు బిడ్డ రక్తంలో ఉండి టీకా వైరస్‌ను కూడా చంపేస్తుంది. అందుకే తొమ్మిదో నెల దాకా ఆగుతారు. అప్పుడు కూడా నూటికి ఎనభై అయిదు మందికే పనిచేస్తుంది, మిగిలినవాళ్ల కోసమే రెండో డోసు. కోరింత దగ్గు లెక్క తలకిందులు, అది ప్రాణం తీసేది ముఖ్యంగా నెలల పసికందులనే. కాబట్టి ఆరో వారంలోనే మొదలుపెట్టాలి. ఈ గట్టిపడే ముచ్చట కూడా జపాన్ తీర్చుకుంది. 1974-75 చలికాలంలో టీకా తర్వాత ఇద్దరు శిశువులు చనిపోయారని దాన్ని ఆపి, కొన్నాళ్లకు రెండేళ్లు నిండిన పిల్లలకు మొదలుపెట్టింది. అప్పటికే జనం టీకాకు మొహం చాటేశారు. 1974లో నాలుగు వందల లోపున్న కోరింత దగ్గు కేసులు 1979లో పదమూడు వేలు దాటాయి. ఆ ఒక్క ఏడాదే నలభై ఒక్క మంది చనిపోయారు. ఆ నలభై ఒక్క మరణాలకు ఏ కాకిని పట్టుకోవాలో మర్యాదస్తులే చెప్పాలి.