పదిహేను పట్టలేదు, పదిహేడు పట్టాయి

మా పాతపట్నంలో రిటైరైన లెక్కల మాస్టారొకరికి నౌపడ–గుణుపూర్ రైలు పిచ్చి. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో మొదలైన రెండడుగుల ఆరంగుళాల గేజీ బండి, అది 2004లో ఆగిపోవడం, ఆ తర్వాత బ్రాడ్‌గేజీ రావడం, అంతా ఆయనకి కంఠతా వచ్చు. శ్రీకాకుళంలో ఏదో సదస్సుకి పిలిచి, దాని మీద 15 నిమిషాలు మాట్లాడమన్నారు. మాస్టారు 15 స్లైడ్లు చేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చారు.

"నిమిషానికో స్లైడు. ఇంకేటండి లెక్క?"

జీవితమంతా పిల్లల చేత నిష్పత్తులు చేయించిన మనిషి, ఇక్కడ మాత్రం భాగహారం దగ్గరే ఆగిపోయారు. ముందు ఆ 15 నిమిషాలు ఎవరివో తేల్చాం. పేరు పిలవడం, వేదిక ఎక్కడం, పెన్‌డ్రైవ్ దొరక్కపోవడం, "సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు" అనడం కలిపి రెండు నిమిషాలు. ప్రశ్నలకి మూడు. మిగిలింది పది. అందులోనూ ఓ నిమిషం దగ్గుకీ మంచినీళ్లకీ వదిలేస్తే తొమ్మిది, అంటే 540 సెకన్లు.

తర్వాత మాస్టార్ని నిలబెట్టి, గొంతెత్తి చెప్పమన్నాను. కూర్చుని మనసులో చదువుకుంటే ఎవరి ఉపన్యాసమైనా సగం టైములో అయిపోతుంది. పవర్‌పాయింట్‌లో Slide Show కింద Rehearse Timings నొక్కితే ఏ స్లైడుకి ఎన్ని సెకన్లు పట్టిందో అదే రాసుకుంటుంది. చివర్లో ఈ టైములు దాచమంటావా అని అడుగుతుంది. Yes అని, Slide Sorterలో ఒక్కో స్లైడు కింద కనిపించే అంకెలు కాగితం మీద ఎక్కించుకుని, Slide Show కింద Use Timings టిక్కు మాత్రం తీసేయాలి. లేదంటే సభలో మీరు పర్లాకిమిడిలో ఉండగానే స్లైడు గుణుపూర్ వెళ్లిపోతుంది.

మాస్టారి లెక్క ఇలా వచ్చింది. పేరున్న స్లైడుకి 10 సెకన్లు, నౌపడ నుంచి గుణుపూర్ దాకా మ్యాపుకి 90. పాత ఇంజిన్లు, స్టేషన్ల ఫోటోలు ఆరు, ఒక్కోదానికి 20 చొప్పున 120. గేజీ బొమ్మకి 60. అక్షరాలతో నిండిన నాలుగు స్లైడ్లకి తలా 75, వెరసి 300. చివరి 'ధన్యవాదాలు'కి ఇంకో 10. వీటన్నిటి మధ్యా కూర్చుంది స్టేషన్ల పట్టిక. ఆరు గడులు, బోలెడు వరసలు. దానికి 180.

మొత్తం 770 సెకన్లు.

"నౌపడలో బయల్దేరిన బండి ప్రతి స్టేషన్లోనూ ఒకే నిమిషం ఆగుతాదా మాస్టారూ?" అన్నాను.

"ఎలగ ఆగుతాది? టెక్కలి టెక్కలే, మిగతావి మిగతావే."

స్లైడ్లూ అంతే. నిమిషం సూత్రం అన్నిటికీ ఒకే హాల్టు ఇచ్చేస్తుంది. ఫోటో చూపిస్తే జనం చూస్తారు, మన మాటా వింటారు. పట్టిక చూపిస్తే వినడం మానేసి చదవడం మొదలెడతారు. ముందు తమ ఊరు వెతుక్కుంటారు, దొరికాక పక్కవాడికి చూపిస్తారు. ఆ సంబరం తీరేదాకా మనం మాట్లాడకూడదు, మాట్లాడినా దండగే. స్లైడ్లన్నీ నాలుగేసి వాక్యాలతో ఒక్క తీరుగా ఉంటే ఆ సూత్రం పనిచేయొచ్చు, కానీ అలాంటి ఉపన్యాసానికి జనం ఉండాలిగా!

2003లో టోక్యోలో ఇద్దరు ఆర్కిటెక్టులు పెచకుచ అని ఒక పద్ధతి పెట్టారు. 20 బొమ్మలు, బొమ్మకి 20 సెకన్లు, వాటంతటవే మారిపోతాయి. మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. మాస్టారి సూత్రం ప్రకారం వాళ్లు 20 నిమిషాలు మాట్లాడి ఉండాలి.

ఇక కోత. పట్టికలో నాలుగు వరసలే ఉంచి, పాతపట్నం వరసకి రంగు వేశాం. 180 కాస్తా 50 అయింది. అక్షరాల స్లైడ్లలో రెండు 'ధన్యవాదాలు' తర్వాతకి వెళ్లాయి. ఎవరైనా అడిగితే ఆ స్లైడు నంబరు కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికే పోతుంది. ఇప్పుడు చూపించేవి 13, పట్టే కాలం 490 సెకన్లు.

మాస్టారి మొహం మాడిపోయింది. "రెండు ఒగ్గీసినాం కదండీ!"

సరే అని మ్యాపుని మూడు ముక్కలు చేశాం. నౌపడ నుంచి పాతపట్నం, అక్కణ్ణించి పర్లాకిమిడి, ఆపైన గుణుపూర్. చెప్పే మాటలు అవే, 90 సెకన్లూ అవే, స్లైడ్లు మాత్రం 15. మిగిలిన 50 సెకన్లలో ఆయన మనసు చంపుకోలేక పక్కన పెట్టిన ఫోటోలు రెండు దూర్చాం. ఇప్పుడు స్లైడ్లు 17, కాలం 530 సెకన్లు.

15 స్లైడ్లు పట్టని చోట 17 పట్టడం చూసి మాస్టారు కాగితం మీద మళ్లీ కూడారు. అటునుంచి ఇటు కూడారు. అప్పుడే వచ్చింది అసలు అనుమానం.

"మరి సభాధ్యక్షుడు ముందు మాట్లాడతాడు కదా, ఆయనకి ఎన్ని స్లైడ్లండీ?"

"ఆయనకి స్లైడ్లుండవు మాస్టారూ."

"అయితే మనవి సగం తీసీండి."