పొర తీసిన కంటికి పనికిరాని సలహాలు

చాగలమర్రిలో ఎవరైనా శుక్లాల ఆపరేషన్ చేయించుకొని ఇల్లు చేరితే, చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇచ్చి పోతారు. పత్యం గురించి చెప్పేవాటితో పెద్ద నష్టం ఉండదు. ఇక్కడ రాస్తున్నవి మాత్రం కన్ను పోగొట్టే సలహాలు.

"కోసిన కన్ను కదా, ఎర్రగానే ఉంటుంది. రెండు దినాలు చూద్దాంలే."

అన్నిటికన్నా ఎక్కువ చెడుపు చేసేది ఈ మాటే. ఆపరేషన్ బాగా జరిగిన కన్ను రోజురోజుకూ తేటపడాలి. వచ్చిన చూపు మళ్లీ మసకబారితే, నొప్పి గానీ ఎరుపు గానీ పెరిగితే, రెప్ప వాస్తే కంటి లోపల సూక్ష్మజీవులు చేరాయేమోనని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. వెయ్యి మందిలో ఒకరికి, చాలాచోట్ల అంతకన్నా తక్కువ మందికే వస్తుంది. వచ్చేది ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లోనే. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకోవద్దు. 1995లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో ఇలాంటి రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి నొప్పే లేదు. చూపు తగ్గడం మాత్రం దాదాపు అందరిలోనూ కనిపించింది.

ఒక పెద్దామెకు సోమవారం ఆపరేషన్ అయిందనుకుందాం. మంగళవారం కట్టు విప్పితే మనవడి ముఖం స్పష్టంగా కనిపించింది. శనివారం మధ్యాహ్నానికి ముఖం అలుక్కుపోయింది, ఎదురుగా పెట్టిన వేళ్లు మాత్రం లెక్కపెట్టగలుగుతోంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన పంపిన చోటికి, నంద్యాలకో కర్నూలుకో, రెటీనా డాక్టరు దగ్గరికి చేరితే చాలావరకు సూదిమందుతోనే పని మొదలవుతుంది. "రేపు ఆదివారం, ఎవరుంటారు" అని ఆగితే, సోమవారానికి టార్చి వెలుగు తప్ప ఏమీ తెలియని స్థితికి రావచ్చు. వెలుగు మాత్రమే తెలిసే కంటికి వెంటనే విట్రెక్టమీ చేస్తే, అంటే లోపలి చెడిన జిగురు ద్రవాన్ని తీసేసే ఆపరేషన్ చేస్తే మేలని ఆ పరిశోధనే తేల్చింది. చెయ్యి ఆడిస్తే తెలిసేంత చూపున్నా, అంతకన్నా మెరుగ్గా ఉన్నా సూదిమందుతో మొదలుపెట్టినవాళ్లకూ అంతే ఫలితం వచ్చింది.

"మెడికల్ షాపులో చుక్కలు, మాత్రలు తెచ్చి వేయి."

కంటి వెనక భాగం నిండా ఉండే జిగురు ద్రవంలోకి రక్తం నుంచి మందు సులభంగా దిగదు. చుక్కలు ముందు భాగం దగ్గరే ఆగిపోతాయి. ఆముదం, తల్లిపాలు పోస్తే కొత్త క్రిములు చేరతాయి. అందుకే మందును నేరుగా లోపలికే పంపాలి.

"కంట్లో సూదా? ఉన్న చూపూ పోతుంది."

కన్ను మొద్దుబార్చి, నల్లగుడ్డు అంచుకు సుమారు మూడున్నర మిల్లీమీటర్ల వెనక, తెల్లగుడ్డు మీద సన్నటి సూది దించుతారు. ముందు కొద్దిగా ద్రవం లాగి ల్యాబుకు పంపుతారు, ఏ క్రిమో తెలియడానికి. తర్వాత సాధారణంగా వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడైమ్ 2.25 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. ఒక్కోటి మిల్లీలీటరులో పదో వంతే. రెండూ కలిస్తే గడ్డకడతాయి కాబట్టి వేరు వేరు సిరంజిలు వాడతారు. ల్యాబు ఫలితం వచ్చేదాకా ఆగరు.

"నువ్వే నీళ్లు తగిలించుకొని ఉంటావు."

ఈ నింద భయానికి చాలామంది నొప్పిని దాచేస్తారు. క్రిమి ఎక్కువసార్లు రోగి సొంత రెప్పల మీదిదే. ఒక్కోసారి తప్పు వాడిన మందునీళ్లదీ కావచ్చు. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఒకేరోజు ఆపరేషన్ అయిన పలువురికి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అనుమానం కన్ను కడిగే సెలైన్ మీదికి పోయింది. కాబట్టి మీతో పాటు అదే శిబిరంలో చేయించుకున్నవాళ్లకూ ఫోన్ చేసి, కన్ను ఎలా ఉందో కనుక్కోండి.

"సూది వేసినా చూపు రాలేదు, ఇంకెందుకు పోవడం?"

మర్నాటికే చూపు రాదు. ముందు నొప్పి తగ్గాలి, చీము పలచబడాలి. రెండు మూడు రోజుల్లో ఆ గుర్తులు లేకపోతే మళ్లీ సూది వేస్తారు, లేదా విట్రెక్టమీ చేస్తారు. ఇంట్లో రోజూ ఒకే వేళ, ఒకే వెలుతురులో, బాగున్న కన్ను మూసి చూడండి: అక్షరాలా, వేళ్లా, చెయ్యి ఆడడమా, వెలుగా? కాగితం మీద రాసుకొని డాక్టరుకు చూపండి. కొంత చూపు నెలల మీద వస్తుంది, అందరికీ రాదు. కన్ను తెల్లబడి నొప్పి పోయాక కూడా రెటీనా ఊడే ప్రమాదం కొన్నాళ్లు ఉంటుంది. మెరుపులు, కొత్త నల్లచుక్కలు, ఒక పక్కనుంచి తెర దిగినట్టు చీకటి కనిపిస్తే, చెప్పిన తేదీ దాకా ఆగకుండా ఆ పూటే బయల్దేరాలి.