అత్తగారు డైరెక్టరు, అద్దిల్లు హెడ్డాఫీసు

ఈ మధ్య యూట్యూబు వాళ్లు పంపిన సిల్వర్ బటన్ పక్కన ఇంకో ఫ్రేము వేలాడుతోంది. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. మొన్నటిదాకా "హాయ్ ఫ్రెండ్స్" అన్నవాళ్లు ఇవాళ ఫౌండర్ అండ్ సీఈఓలు. గోంగూర పచ్చడి నూరే ఛానలూ ప్రైవేట్ లిమిటెడ్డే. కేకు కోసి, దాని మీద కూడా ఓ వీడియో వదిలారు. శుభం.

ప్రైవేట్ లిమిటెడ్ అంటే కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి. పచ్చడి అమ్మాయి మొగుడిది సర్కారు కొలువు, ఆయన పనికిరాడు. మిగిలింది అత్తగారు. ఆవిడ పేర డిజిటల్ సంతకం చేయించారు. ఓటీపీ వస్తే కళ్లజోడు వెతుక్కుని, అంకెలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. ఆవిడిప్పుడు డైరెక్టరు.

కంపెనీకి రిజిస్టర్డ్ ఆఫీసు కావాలి, అది అద్దిల్లే. ఓనరు దగ్గర అభ్యంతరం లేదని కాగితం, ఇటీవలి కరెంటు బిల్లు తేవాలి. గుమ్మం బయట కంపెనీ పేరు, చిరునామా బోర్డు పెట్టాలి, అది చట్టం. బోర్డు చూసిన ఓనరు అద్దె పెంచాడు. చిన్న కంపెనీ అయినా ఏడాదికి రెండు బోర్డు మీటింగులు తప్పవు. అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని తీర్మానాలు చేసి, మినిట్స్ రాసి, సంతకాలు పెట్టాలి. ఆ ఇంట్లో ఏ విషయం మీదైనా ఏకగ్రీవ తీర్మానం ఎప్పుడు జరిగిందో నాకైతే తెలీదు. ఒక్కరితో నడిచే కంపెనీ కూడా ఉంది. కానీ పేరులో ఓపీసీ అని తగిలించాలి కదా, దర్జా తగ్గుతుంది.

ఇంతకీ ఎందుకమ్మా ఇదంతా అంటే, "పన్ను కలిసొస్తుందంట అంకుల్" అంది.

ఏం కలిసొస్తుంది? ఆ పిల్లకి ఏడాదికి యాడ్‌సెన్స్ 9 లక్షలు, బ్రాండ్ల నుంచి 2 లక్షలు. తన పాన్ మీద తనే వ్యాపారిగా చూపించుకుంటే, 2025-26 కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది సున్నా. కెమెరా, లైట్ల ఖర్చు తీసేయడానికీ కంపెనీ అక్కర్లేదు, లెక్కలు రాసుకుంటే చాలు. కంపెనీకి ఆ 12 లక్షల మినహాయింపే లేదు. అందులో 5 లక్షల లాభం మిగిలితే, 22 శాతం రేటు ఎంచుకున్నా సర్‌చార్జీ, సెస్సు కలిసి దాదాపు 1,25,840 రూపాయలు పన్ను. అంతా తన జీతంగా తీసుకుంటే అది తప్పుతుంది, నిజమే. మరి కంపెనీ లేనప్పుడూ సున్నాయే కదా! పైగా ఖాతాలో డబ్బు ఆ పిల్లది కాదు, కంపెనీది. ఉప్పూ పప్పూ ఆ కార్డు మీద కొనకూడదు.

ఇక నవ్వు రావడం లేదు. "చవగ్గా కంపెనీ పెట్టిస్తాం" అని రీళ్లు చేసేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతోంది. రూపాయి వ్యాపారం లేకపోయినా ఏటా సీఏతో ఆడిట్ తప్పదని చెప్పరు. కంపెనీ వ్యవహారాల శాఖకు ఏటా ఇవ్వాల్సిన AOC-4, MGT-7A ఫారాల మాట ఎత్తరు. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. రెండూ ఏడాది మరిచిపోతే 73,000. మూసేద్దామంటే ఆ బాకీలు తీర్చాకే, ఆపైన 10,000 ఫీజు. కమిషన్ తీసుకున్నవాడు అప్పటికి ఫోనెత్తడు. ఉచితంగా దొరికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి కూడా డబ్బులు గుంజే ఘనులున్నారు.

పెట్టుబడి పెట్టే భాగస్వామి వచ్చినా, జీతగాళ్లు పెరిగినా, పచ్చళ్లు సీసాలకెత్తి అమ్మి పొరపాటైతే ఇల్లూ వాకిలీ మీదికి రాకూడదనుకున్నా కంపెనీ పెట్టుకోండి, వద్దనను. కానీ నిజంగా చూసుకోవాల్సిన గీత వేరే ఉంది. సేవలకు జీఎస్టీ గీత ఏడాదికి 20 లక్షలు. కంపెనీ ఉన్నా లేకున్నా అది దాటితే 30 రోజుల్లో రిజిస్టర్ కావాలి.

సీఈఓలు బోల్తా పడేది ఇక్కడే. యాడ్‌సెన్స్ 14 లక్షలు, బ్రాండ్లు 7 లక్షలు అనుకోండి. "సింగపూర్ నుంచొచ్చే గూగుల్ డబ్బు ఎగుమతి కదా, లెక్కలోకి రాదు" అంటారు. వస్తుంది! ఎగుమతి మీద పన్ను సున్నా అయినా, 20 లక్షల లెక్కలో అదీ కలుస్తుంది. మొత్తం 21, గీత దాటారు. రిజిస్టర్ అయ్యాక ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం ఆన్‌లైన్లో ఇస్తే యాడ్‌సెన్స్ మీద ఏమీ కట్టక్కర్లేదు. ఇవ్వకపోతే 18 శాతం ముందు కట్టి, తర్వాత వాపసు కోసం తిరగాలి. బ్రాండ్ల బిల్లుకు మాత్రం 18 శాతం కలిపి వసూలు చేయాలి. రెండేళ్ల తర్వాత నోటీసొచ్చాక "ఆ పద్దెనిమిది శాతం ఇప్పుడివ్వండి" అని బ్రాండువాళ్లని అడిగి చూడండి. పేమెంటు ఎప్పుడో ఇచ్చేశాం అంటారు. వడ్డీతో సహా ఆ డబ్బు సీఈఓ గారి జేబులోంచే పోతుంది.