ఇరుకు బాత్రూమును ఇంకా ఇరుకు చేసుకొనే పద్ధతి

తిరుమలగిరిలో ఇల్లు కట్టిస్తున్న పెద్దలకు మనవి. ముందు హాలు, పడకగదులు, మెట్లు తృప్తిగా గీయించుకోండి. చివరికి ఒక మూల నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు జాగా మిగులుతుంది. అదే బాత్రూము. స్నానం, మరుగుదొడ్డి కలిసిన గదికి కనీసం 1.2 మీటర్ల వెడల్పు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఇటుకల దగ్గర మీరు పాసే. ప్లాస్టరు, టైల్స్ రెండువైపులా ఒక్కో ఇంచు తిన్నాక 46 ఇంచులే మిగిలి ఫెయిలవుతారు. కాబట్టి ప్లాస్టరు సంగతి మరిచిపోయి ఇటుక నుంచి ఇటుకకే టేపు పట్టండి.

తర్వాత వాస్తు. గది తూర్పు పడమరలుగా పొడవుంటే, కూర్చున్నవారి ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలంటారు గనుక కమోడ్‌ను పొడవాటి గోడకే ఆనించండి. కమోడ్ గోడ నుంచి దాదాపు 27 ఇంచులు ముందుకొస్తుంది. ఎదురుగా మిగిలేది 19. కనీసం 21 ఉండాలి, 24 ఉంటే హాయి. మోకాళ్లు ఎదుటి గోడకు తగులుతాయి. దిక్కు మాత్రం సరిగ్గా కుదిరింది. "ఏం గాదు సారూ, సెట్టయితది" అని మేస్త్రి అంటాడు. నమ్మండి, అందులో కూర్చునేది ఆయన కాదు కదా.

తలుపు తప్పకుండా పొట్టి గోడకు, లోపలికి తెరుచుకునేలా పెట్టించండి. షవర్ గుమ్మం పక్కనే ఉండాలి. అప్పుడు ఒకరు స్నానం చేస్తే, తర్వాత కమోడ్ దాకా వెళ్లేవారికి పాదాలు ఉచితంగా కడిగినట్టవుతుంది. ఇక కమోడ్ మోడల్ ఎంచుకోకముందే పైపు వేయించేయండి. నేలలోకి దిగే ఎస్ ట్రాప్‌కు గోడ నుంచి రంధ్రం మధ్యదాకా దూరం మోడల్‌ను బట్టి మారుతుంది. అది కుదరకపోతే కొత్త టైల్స్ పగలగొట్టే వేడుక దక్కుతుంది.

ఇవేవీ నచ్చని నీరసపు మనుషులు కొందరుంటారు. వాళ్లు తలుపును పొడవాటి గోడ మధ్యలో, బయటికి తెరుచుకునేలా పెడతారు. టైల్స్ పోగా 94 ఇంచుల పొడవు ఉంటుంది. ఒక కొస పొట్టి గోడకు కమోడ్ ఆనిస్తే దానికి 27, ముందు 24 పోతాయి. అటూ ఇటూ గోడలు దాని మధ్యగీతకు 23 ఇంచుల దూరంలో ఉంటాయి, 15 ఉన్నా చాలు. రెండో కొసన షవర్‌కు 36 వదిలినా ఇంకో ఏడు మిగులుతాయి. గుమ్మానికి ఎదురుగా, కమోడ్ ముందున్న ఖాళీ పక్కనే, 12 ఇంచులే ముందుకొచ్చే చిన్న బేసిన్ పెడితే నిలబడడానికి 34 ఇంచులుంటాయి. ఒకే ఖాళీని ముగ్గురికి పంచారన్నమాట.

నీళ్లు పోయే జాలీ షవర్ వైపు మూలన పెట్టి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున నేలను అటే వాల్చుతారు. అంతటితో ఆగరు. పైపు వేయకముందే నేలమీద సుద్దతో కమోడ్ గీసి, అక్కడ స్టూలు వేసుకుని, కూలీలందరూ చూస్తుండగా కూర్చుని లేస్తారు. పరువున్నవాళ్లు చేసే పనేనా అది?